మెచ్చుకున్నవారు కాదు, మళ్లీ కొన్నవారు ఎందరు?

ప్రశ్న: చేతితో కుట్టి నోటు పుస్తకాలు తయారుచేయడం నాకు చాలాకాలంగా సరదా. ఇప్పటికి 60 దాకా చేశాను. వాటిలో 22 అమ్ముడయ్యాయి, మిగతావి బహుమతులుగా ఇచ్చాను. చూసినవాళ్లంతా దీన్నే వ్యాపారంగా పెట్టుకోమంటున్నారు. ఫొటోలు పెడితే వందల మంది మెచ్చుకుంటున్నారు. రెండు మూడు దుకాణాల వాళ్లు కూడా తెచ్చి పెట్టమన్నారు. దాచుకున్న డబ్బుతో కాగితం కత్తిరించే పెద్ద యంత్రం, టోకున కాగితం కొని, ఉద్యోగాన్ని సగం రోజుకు తగ్గించుకోవాలని ఆలోచిస్తున్నాను. నిజంగా గిరాకీ ఉందో లేదో డబ్బు పెట్టకముందే ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: ముందుగా అమ్ముడైన ఆ 22 పుస్తకాల సంగతి తేల్చుకోండి. మెప్పులు, ఫొటోలు ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. ఎవరో జేబులోంచి డబ్బు తీసి ఇచ్చిన సందర్భాలు మీ దగ్గర 22 ఉన్నాయి, సాక్ష్యమంటూ ఉంటే అదే. ఒక కాగితం మీద ఒక్కొక్క కొనుగోలు ఎదురుగా నాలుగు విషయాలు రాయండి. కొన్నవారికి మీరు ముందే తెలుసా? మీరు తీసుకున్న ధరలో మీ శ్రమ విలువ కూడా ఉందా? వారు తమకోసం కొన్నారా, ఇంకెవరికైనా ఇవ్వడానికి కొన్నారా? మళ్లీ వచ్చి ఇంకొకటి అడిగారా?

ఇలా రాసుకుంటూ పోతే అంకె చాలా త్వరగా చిన్నదవుతుంది. ఉదాహరణకు 22 మందిలో 14 మంది బంధువులు, సహోద్యోగులు, స్నేహితుల స్నేహితులు అనుకుందాం. వారి కొనుగోలులో ఇష్టం ఎంతో, మొహమాటం ఎంతో వారికే తెలియదు. మిగిలిన 8 మందిలో 5 మందికి మీరు కాగితం, అట్ట ఖర్చు మీద కాస్త వేసుకుని ఇచ్చేసి ఉంటారు, సరదాగా చేసేవారు అడగడానికి సిగ్గుపడి అలాగే చేస్తారు. అంటే మీరెవరో తెలియకుండా, సరైన ధర పెట్టి కొన్నవారు ముగ్గురు. ముగ్గురంటే వ్యాపారం లేదని అర్థం కాదు. మీరు ఇంకా పరీక్ష మొదలుపెట్టలేదని మాత్రమే అర్థం.

పరీక్షకు ముందు ధర తేలాలి. తక్కువ ధరకు వచ్చిన గిరాకీ ఆ ధరకే చెల్లుతుంది. ధర రెట్టింపు చేసిన రోజున ఆ కొనుగోలుదారుల్లో ఎవరు ఉంటారో పాత అమ్మకాలు చెప్పవు. ఏ ఊరి డబ్బుకైనా సరిపోయేలా ఒక పుస్తకం అమ్మకం ధర 100 అనుకుని లెక్క వేద్దాం. కాగితం, అట్ట, పైగుడ్డ, మైనం పూసిన దారం, జిగురు కలిపి 22. పంపడానికి వాడే పెట్టె, చుట్టే కాగితం 5. ఆన్‌లైన్ అంగడి కమిషన్, చెల్లింపు రుసుము కలిపి 15. మిగిలేది 58. ఇది లాభం కాదు, మీ చేతి పనికి వచ్చే ప్రతిఫలం ఇందులోనే ఉంది. ఒక పుస్తకానికి రెండున్నర గంటలు పడుతుంది, గంటకు 15 అయినా రాకపోతే ఈ పని మీకు గిట్టదు అనుకుందాం. శ్రమకు 37 పోగా చేతిలో నిలిచేది 20 చిల్లర. మీ అసలు అంకెలు వేరుగా ఉంటాయి. ఖర్చుల చిట్టా, గడియారం దగ్గర పెట్టుకుని వాటిని ఇలాగే వేయండి. అంచనాతో సరిపెట్టుకోకండి, ముఖ్యంగా గంటల విషయంలో. ఇష్టమైన పని చేస్తున్నప్పుడు గడిచిన సమయాన్ని మనం ఎప్పుడూ తక్కువగానే గుర్తుపెట్టుకుంటాం.

ఇదే లెక్కతో దుకాణాల మాటను కూడా తూచవచ్చు. చేతితో చేసిన వస్తువులను కొని అమ్మే దుకాణం సాధారణంగా తాను అమ్మే ధరలో సగం దగ్గర మీకు ఇస్తుంది. అంటే మీకు వచ్చేది 50. సరుకు, పెట్టె ఖర్చు 27 పోతే 23. మీ శ్రమ విలువ 37. ప్రతి పుస్తకం మీద 14 నష్టపోతూ మీరు దుకాణానికి సరఫరా చేస్తారు, అమ్మకాలు బాగున్నకొద్దీ నష్టం పెరుగుతుంది. తయారీ గంటన్నరకు దిగితే తప్ప, లేదా జనం ఇంతకంటే చాలా ఎక్కువ ధర ఇస్తే తప్ప ఈ దారి మీకు లేదు. పైగా ‘తెచ్చి పెట్టండి’ అనడంలో దుకాణదారు పణంగా పెట్టింది ఏమీ లేదు. అమ్ముడైతే డబ్బిస్తారు, లేకపోతే మీ సరుకు మీకు తిరిగి ఇస్తారు, మూలలు నలిగి ఉంటే ఆ నష్టమూ మీదే. పది పుస్తకాలు ముందుగా డబ్బిచ్చి తీసుకుంటారేమో అడిగి చూడండి. ఆ ప్రశ్నకు వచ్చే సమాధానమే దుకాణం వైపు నుంచి నిజమైన సమాచారం. పది కొని, అవి అయిపోయాక తమంతట తామే మళ్లీ ఫోను చేస్తే అది ఇంకా గట్టి సమాచారం.

ఇక అసలు పరీక్ష. తెలియనివారు పూర్తి ధర పెట్టి, ముందుగా డబ్బు చెల్లించి కొంటారా అన్నది మొదటి ప్రశ్న. దీనికి సరుకు నిల్వ అవసరం లేదు. 1999లో నిక్ స్విన్‌మర్న్ చెప్పులు, బూట్లు ఇంటర్నెట్‌లో అమ్మే జాపోస్ ఆలోచనను పరీక్షించినప్పుడు గిడ్డంగి లేదు, సరుకూ లేదు. ఒక దుకాణంలో ఉన్న జోళ్ల ఫొటోలు తీసి వెబ్‌సైటులో పెట్టాడు. ఎవరైనా కొంటే ఆ దుకాణానికి వెళ్లి మామూలు ధరకే కొని పంపాడు. ఆ అమ్మకాలతో అతనికి మిగిలిందేమీ లేదు. కానీ తొడిగి చూసుకోకుండా జనం జోళ్లు కొంటారా అన్న ఒక్క అనుమానం తీరింది. మీ అనుమానం వేరు. మీ పుస్తకాన్ని మీ మీద అభిమానం లేనివారు ఆ ధరకు కొంటారా అన్నది మీకు తెలియాలి.

కాబట్టి ఒకే పరిమాణం, రెండు రంగులు, అంతకు మించి వద్దు. మూడు నమూనాలు చేసి మంచి వెలుతురులో ఫొటోలు తీయండి. ఆర్డరు వచ్చాక కుట్టి పంపుతామని, ఆరు వారాలు పడుతుందని పేజీలో స్పష్టంగా రాయండి. 30 రోజుల్లో 20 ఆర్డర్లు రాకపోతే అందరి డబ్బూ తిరిగి ఇస్తామని కూడా రాయండి. అనుకున్న మొత్తం పోగవకపోతే ఎవరి డబ్బూ తీసుకోకపోవడమన్న ఈ పద్ధతిని 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ జనానికి బాగా అలవాటు చేసింది. 20 ఎందుకంటారా? ఉద్యోగం చేస్తూ వారానికి 10 గంటలు కేటాయించగలిగితే మీరు వారానికి 4 పుస్తకాలు చేయగలరు, 20 పుస్తకాలకు అయిదు వారాలు. ఇంకో వారం చేతిలో ఉంటుంది. మాట నిలబెట్టుకోగలిగినంత వరకే ఆర్డర్లు తీసుకోవాలి, తిరిగి ఇవ్వాల్సిన డబ్బును ఖర్చు చేయకుండా విడిగా ఉంచాలి. డబ్బు తీసుకోకుండా ‘ఆసక్తి ఉంటే పేరు నమోదు చేసుకోండి’ అనే జాబితాలు నాకు నచ్చవు. పేరు రాయడానికి ఎవరికీ ఖర్చు లేదు. డబ్బు అడిగిన రోజున ఆ జాబితాలో చాలామంది కనిపించరు.

ఈ పేజీని మీ స్నేహితులకు పంపవద్దు. మీ పాత ఫొటోలను మెచ్చుకున్నవారికి ఒకసారి చెప్పండి, కానీ వారి ఆర్డర్లను వేరే వరుసలో రాసుకోండి. పిన్నిగారు పక్కింటావిడ పేరు మీద రెండు తెప్పించుకోవడం కూడా జరుగుతుంది. చిరునామాలు చూస్తే పట్టుబడిపోతారు. ఆ ఆర్డర్లను సంతోషంగా పంపండి, 20లో మాత్రం లెక్కించవద్దు. ‘ఇంకా అయిదే మిగిలాయి’, ‘ఈ వారం మాత్రమే తగ్గింపు’ లాంటి మాటలు కూడా పరీక్షలో వాడవద్దు. అవి అమ్మకాన్ని పెంచుతాయి, కానీ అప్పుడు మీరు కొలిచేది తొందరను.

తెలియనివారి ముందుకు ఎలా వెళ్లాలి? రెండు దారులున్నాయి. ఒకటి, డబ్బిచ్చి ప్రకటన వేయడం. ఒక్కొక్కరిని మీ పేజీకి రప్పించడానికి అర చొప్పున ఖర్చయింది, 200 మంది వచ్చారు, 3 అమ్ముడయ్యాయి అనుకుందాం. ప్రకటనకు 100 పోయింది, ఒక్కో అమ్మకానికి 33. మిగిలే 58లోంచి అది తీస్తే 25. మీ శ్రమకే అది చాలదు. గిరాకీ ఉంది, కానీ దాన్ని చేరుకోవడానికి అయ్యే ఖర్చు దాన్నే మింగేస్తోంది. ‘అమ్ముడవుతున్నాయి’ అన్న సంతోషంలో చాలామంది ఈ సంగతి గమనించరు. ఒక నెల ప్రకటన ఆపితే అప్పుడు బయటపడుతుంది.

రెండోది, హస్తకళల సంతలో ఒక రోజు బల్ల పెట్టుకోవడం. నోటు పుస్తకం చేతిలోకి తీసుకుని తెరిచి చూడాల్సిన వస్తువు, కాబట్టి మీకు ఇదే ఎక్కువ నేర్పుతుంది. ధర కనిపించేలా రాసి పెట్టండి. బల్ల వెనుక ఒక కాగితం పెట్టుకుని మూడు వరుసల్లో గీతలు గీస్తూ ఉండండి: ఆగి చూసినవారు, చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పినవారు, కొన్నవారు. సాయంత్రానికి 120 మంది ఆగారు, 45 మంది తిప్పి చూశారు, 5 గురు కొన్నారు అనుకుందాం. వట్టి ‘5’ ఏమీ చెప్పదు. మూడు అంకెలు పక్కపక్కన ఉంటేనే లోపం ఎక్కడో కనిపిస్తుంది. ఆగినవారిలో చేతిలోకి తీసుకున్నవారు బాగా తక్కువైతే వస్తువు దూరం నుంచి ఆకట్టుకోవడం లేదు, లేదా ఆ సంతకు వచ్చే జనం మీవారు కాదు. చేతిలోకి తీసుకుని, ధర చూసి, మెల్లగా కింద పెట్టేస్తే అది ధర సంగతి. తీసుకుని, పేజీలు తిప్పి, ‘చాలా బాగుంది’ అని మీకే చెప్పి వెళ్లిపోతే దాన్ని ఏం చేసుకోవాలో వారికి తెలియలేదని నేను అనుకుంటాను. దీని గురించి కాసేపట్లో మాట్లాడదాం.

డబ్బు లెక్క కూడా ఆ రాత్రే వేయండి. సంతలో కమిషన్ ఉండదు కాబట్టి ఒక్కో పుస్తకం మీద 73 మిగులుతుంది, అయిదింటికి 365. బల్ల అద్దె 150 అయితే 215. అయిదు పుస్తకాల తయారీ శ్రమ దాదాపు 187. మిగిలింది 28, రోజంతా నిలబడినందుకు. ఇది పరీక్షకు ఖర్చు అనుకుంటే చాలా చౌక. జీవనోపాధి అనుకుంటే నిలవదు.

చిన్న అంకెల విషయంలో ఒక హెచ్చరిక. 45 మందిలో 5 గురు అంటే 11 శాతం అని పుస్తకంలో రాసుకుంటారు. ఇంత చిన్న గుంపును బట్టి గణితం భరోసాతో చెప్పగలిగింది, అసలు నిష్పత్తి 4 నుంచి 24 శాతం మధ్య ఎక్కడో ఉండవచ్చనే. 4 శాతం అయితే వ్యాపారం లేదు, 24 అయితే మీరు కుట్టలేనంత ఉంది. ఇంకో సంతలో ఇంకో 50 మంది తిప్పి చూసి 6 గురు కొంటే, రెండూ కలిపి ఆ హద్దులు 6 నుంచి 20 శాతానికి దగ్గరపడతాయి. అందుకే ఒక్క మంచి రోజు చూసి యంత్రం కొనకూడదు, ఒక్క చెడ్డ రోజు చూసి మానుకోకూడదు. ఒక్కరూ కొనని రోజుకు ఒక సులువైన సూత్రం ఉంది: చూసినవారి సంఖ్యతో 3ని భాగించండి. 30 మంది చూసి ఎవరూ కొనకపోతే అసలు నిష్పత్తి 10 శాతం వరకూ ఉండే అవకాశం ఇంకా ఉంది. 300 మంది చూసి ఎవరూ కొనకపోతే అది 1 శాతం దాటే అవకాశం చాలా తక్కువ, అప్పుడు మానుకోవచ్చు.

ఇప్పుడు మీ వస్తువుకే ప్రత్యేకమైన చిక్కు దగ్గరికి వద్దాం. అందమైన నోటు పుస్తకం కొన్నవారిలో చాలామంది దానిలో రాయరు. పాడుచేయడం ఇష్టం లేక, ‘మంచి విషయం దొరికినప్పుడు రాద్దాం’ అని అలమరలో పెడతారు. మామూలు పుస్తకంలో చిత్తుగా రాసేవారు కూడా చేతితో కుట్టినదాన్ని ముట్టుకోవడానికి జంకుతారు. మీ పనితనం పెరిగేకొద్దీ ఈ జంకు కూడా పెరుగుతుంది. కొన్నవారు రాయకపోతే పుస్తకం నిండదు, నిండకపోతే రెండోది కొనరు. అప్పుడు ప్రతి అమ్మకానికీ మీరు కొత్త మనిషిని వెతుక్కోవాలి, వెతకడానికి ఎంత ఖర్చవుతుందో పైన చూశాం. అందువల్ల మొదటి అమ్మకం కంటే రెండో అమ్మకం ముఖ్యం, దాన్ని కొలిచేదాకా మీ పరీక్ష సగంలో ఉన్నట్టే.

రెండో అమ్మకాన్ని కొలవడంలో ఇబ్బంది కాలం. నాలుగు కాగితాలు మధ్యకు మడిస్తే 16 పేజీల ఫారం అవుతుంది. పది ఫారాలు కుడితే 160 పేజీలు. రోజుకు ఒక పేజీ రాసేవారికి కూడా అది అయిదు నెలలకు పైగా సరిపోతుంది. రెండు నెలల పరీక్షలో ఎవరూ తిరిగి రాకపోతే అది అయిష్టమా, పుస్తకం ఇంకా నిండలేదా అన్నది తెలియదు. దీనికి రెండు పనులు చేయవచ్చు.

మొదటిది, పరీక్ష కోసం పలుచని పుస్తకం కూడా చేయండి. నాలుగు ఫారాలు, 64 పేజీలు. రోజూ రాసే మనిషికి అది రెండు నెలల్లో నిండుతుంది, కాబట్టి జవాబు కూడా రెండు నెలల్లోనే వస్తుంది. ధర తక్కువ కనుక పాడవుతుందన్న భయం కూడా తక్కువగా ఉంటుంది. మందంగా ఉన్నది గొప్పగా కనిపించవచ్చు, కానీ మీకిప్పుడు కావలసింది త్వరగా నిండేది.

రెండోది, పుస్తకం చేతికి అందిన ఆరు వారాలకు ప్రతి ఒక్కరికీ ఒక చిన్న సందేశం పంపండి. ‘పుస్తకం నచ్చిందా?’ అని అడగవద్దు. నచ్చిందనే అంటారు, ఎవరూ కాదనరు. ‘ఎన్నో పేజీలో ఉన్నారు? ఏం రాస్తున్నారు?’ అని అడగండి. మీ పాత 22 మందికి కూడా ఇదే ప్రశ్న ఈ వారమే పంపవచ్చు, అందులో మీ స్నేహితులున్నా ఫరవాలేదు. పొగడ్తలో అబద్ధం చెప్పడం తేలిక, పేజీ సంఖ్యలో కష్టం. బహుమతిగా తీసుకున్న 38 మందిలో ఎవరి పుస్తకం అయినా నిండి, ‘ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది? డబ్బిస్తాను’ అని అడిగి ఉంటే అది ఆ వందల మెప్పుల కంటే విలువైన కబురు.

సమాధానాలు మూడు రకాలుగా వస్తాయి. కొందరు మొదటి ఫారం దాటి ఉంటారు. వారు మీ వాడకందారులు. వారు ఏం రాస్తున్నారో, ఏ పెన్నుతో రాస్తున్నారో, దేనికి విసుక్కుంటున్నారో అడిగి తెలుసుకోండి. ఇంకు అవతలికి దిగుతోందని ముగ్గురు చెబితే అది కాగితం మార్చమన్న కబురు, టోకున కొనకముందే తెలిసినందుకు సంతోషించాలి. కొందరు ఖాళీగానే ఉంచి ఉంటారు. మరికొందరు, ‘నాకోసం కాదు, ఫలానావారికి ఇచ్చాను’ అంటారు.

ఖాళీగా ఉంచినవారు, ఇతరులకు ఇచ్చినవారే ఎక్కువగా తేలితే కుంగిపోనక్కరలేదు. అయితే అప్పుడు మీరు నడపబోయేది రాసుకునే పుస్తకాల వ్యాపారం కాదు, బహుమతుల వ్యాపారం. ఆ రెండింటికీ గిరాకీ నడిచే తీరు వేరు. బహుమతి కొనేవారికి పేజీ నిండటంతో సంబంధం లేదు, ఇవ్వాల్సిన మనుషులు, సందర్భాలు ఉండాలి. కొనుగోళ్లు ఏడాది పొడవునా పరుచుకోవు, కొన్ని వారాల్లో గుంపుగా వచ్చి మిగతా నెలల్లో పలచబడతాయి. కాబట్టి బహుమతుల కాలంలో చేసిన పరీక్షను చూసి ఏడాదికి లెక్క కట్టవద్దు. అలాంటివారు పుస్తకం మీద పేరు కుట్టమని, తేదీ వేయమని అడుగుతారు. అడిగితే దానికి విడిగా ధర పెట్టి చూడండి. పుస్తకం ధరకు వెనుకాడినవారు పేరు కోసం అదనంగా ఇవ్వడానికి వెనుకాడకపోతే, వారు కొంటున్నది ఆ పేరును. కుట్టే గంటల కంటే పేరు వేసే పావుగంటకు ఎక్కువ ప్రతిఫలం రావచ్చు, లెక్క అంతా మారిపోతుంది. వేరే దారిలో కూడా జాగ్రత్త కావాలి: ఒక్కొక్కరికి ఒక్కో కొలత, ఒక్కో తోలు, ఒక్కో అచ్చు అంటూ ఒప్పుకుంటే మీ రెండున్నర గంటలు నాలుగవుతాయి, ధర మాత్రం పెరగదు.

సంతలో ‘చాలా బాగుంది’ అని వెళ్లిపోయినవారి సంగతి ఇక్కడే తేలుతుంది. ‘ఇప్పుడు మీరు రాసుకుంటున్న పుస్తకం ఏది?’ అని మర్యాదగా అడిగి చూడండి. సంచిలోంచి చటుక్కున తీసి చూపించేవారు ఉంటారు. అట్ట ఊడి, మూలలు అరిగిన ఆ పుస్తకం చేతిలో ఉన్న మనిషి మీ దగ్గర కొనకపోతే ఎందుకో తప్పక తెలుసుకోండి, ఆ కారణం పదిమంది పొగడ్తల కంటే పనికొస్తుంది. చూపించడానికి ఏమీ లేనివారు కొన్నా అది ఎక్కువగా అలమరలోకి చేరుతుంది.

చివరగా యంత్రం, కాగితం, ఉద్యోగం. మీ రెండున్నర గంటలను విడదీసి చూడండి. మడిచి నొక్కడానికి 25 నిమిషాలు, రంధ్రాలు వేసి కుట్టడానికి గంట, అంచులు కోయడానికి 15 నిమిషాలు, అట్టలు కట్టడానికి 50 నిమిషాలు అనుకుందాం. పెద్ద కోత యంత్రం ఆదా చేసేది ఆ 15లో 10 నిమిషాలు. నెలకు 16 పుస్తకాలు చేసేవారికి అది మూడు గంటల లోపే. యంత్రం ధర 20 పుస్తకాల అమ్మకం ధరకు సమానమైతే, అంటే మన లెక్కలో 2000 అయితే, శ్రమ పోగా మిగిలే 20 చొప్పున దాన్ని తిరిగి రాబట్టడానికి 100 పుస్తకాలు, 250 గంటల పని కావాలి. మిమ్మల్ని ఆపుతున్నది కోత కాదు, కుట్టు. అంతవరకూ కుట్టిన పుస్తకాలను దగ్గర్లోని ప్రెస్సుకు తీసుకెళ్తే అక్కడి కోత యంత్రం మీద చిన్న రుసుముకు అంచులు కోసి ఇస్తారు.

టోకు కాగితంలో ఇంకో ప్రమాదం ఉంది. మిల్లులో తయారైన కాగితంలో పీచు ఎక్కువగా ఒక దిశలో పరుచుకుని ఉంటుంది. ఆ దిశ పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉంటే పేజీలు చక్కగా పడుకుంటాయి, అడ్డంగా ఉంటే మడత బిరుసుగా వచ్చి, జిగురు తగిలిన చోట అలల్లా లేస్తుంది. పెద్ద పుస్తకానికి సరిపోయిన కాగితాన్ని ఇంకోసారి మడిచి సగం పరిమాణం చేస్తే దిశ అడ్డం తిరుగుతుంది. ఏ పరిమాణం అమ్ముడవుతుందో తెలియకముందే రీములు కొంటే, తెలిశాక ఆ రీములు పనికిరాకపోవచ్చు. పరీక్ష నడిచినంతకాలం ఖరీదు ఎక్కువైనా చిల్లరగానే కొనండి.

ఏ ఫలితానికి ఏం చేస్తారో పరీక్షకు ముందే రాసి, మీ లాభనష్టాలతో సంబంధం లేని ఒకరి దగ్గర ఉంచండి. ఫలితం వచ్చాక రాసుకుంటే ప్రతి అంకెకూ ఒక సాకు దొరుకుతుంది. నేనైతే ఇలా రాస్తాను: తెలియనివారి నుంచి పూర్తి ధరకు 30 రోజుల్లో 8 ఆర్డర్లు కూడా రాకపోతే డబ్బు తిరిగి ఇచ్చి, ఇది సరదాగానే ఉంటుంది. 8 నుంచి 19 మధ్య అయితే డబ్బు తిరిగి ఇచ్చేసి, ధరో, వస్తువో, జనమో ఏదో ఒక్కటే మార్చి ఇంకోసారి చూస్తాను, మూడోసారి చూడను. 20 వస్తే కుట్టి పంపి, ఆరు వారాలకు పేజీ సంఖ్య అడుగుతాను. పలుచని పుస్తకం కొన్నవారిలో కనీసం అయిదింట ఒకరు మూడు నెలల్లో గుర్తుచేయకుండా, తగ్గింపు ఇవ్వకుండా రెండోది కొనాలి. ఈ అంకెలు మీకు నచ్చకపోతే మార్చుకోండి, పరీక్ష మధ్యలో మాత్రం మార్చకండి.

అదంతా దాటినా ఉద్యోగం సగానికి తగ్గించడానికి ఇంకో షరతు పెడతాను. వారానికి 10 గంటలతో నెలకు 16 పుస్తకాల దాకా చేయగలరు కదా. డబ్బు కట్టి ఎదురుచూస్తున్న ఆర్డర్లు వరుసగా మూడు నెలలు ఆ 16ను దాటి నిలవాలి, వాటిలో కొన్ని పాత కొనుగోలుదారులవై ఉండాలి. అప్పుడు కూడా ముందుగా కొనాల్సింది రంధ్రాలు సమానంగా వేసే చెక్క తొట్టి, మంచి దబ్బనం, బరువైన నొక్కుడు పలక. గంట పట్టే కుట్టును ముప్పావు గంటకు దించేవి అవే. కోత యంత్రం సంగతి, ప్రెస్సుకు తిరగడానికి నెలకు ఎన్ని గంటలు పోతున్నాయో రాసుకున్నాక ఆలోచించండి.